ప్రతి బీట్‌కీ కట్ పడితే డ్యాన్స్ కనిపించదు

డ్యాన్స్ వీడియో ఎడిటింగ్‌లో ముందుగా అందరూ నేర్చుకునే చిట్కా ఒకటే. పాట ప్లే చేస్తూ బీట్ పడ్డప్పుడల్లా ఒక కీ నొక్కి టైమ్‌లైన్ మీద మార్కర్ పెట్టాలి, తర్వాత ఆ మార్కర్ల దగ్గర షాట్లు కోయాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఈ పద్ధతిలో తయారైన రీల్స్ చూస్తే సగానికి సగం ఒకే జబ్బుతో కనిపిస్తాయి. కట్‌లన్నీ బీట్ మీదే ఉంటాయి, అయినా అడుగు ఎక్కడ పడిందో తెలియదు. దానికి కారణం మార్కర్లు తప్పడం కాదు. పాటలో పడే దెబ్బ వేరు, ఒంట్లో పడే దెబ్బ వేరు. మార్కర్ మొదటిదాన్నే చూపిస్తుంది. రెండోది ఏ షాట్‌లో కనబడాలో ఎడిటర్ నిర్ణయించుకోవాలి.

ఒక మామూలు కేసు తీసుకుందాం. ఐదుగురు అమ్మాయిలు మేడ మీద ఒక ఫాస్ట్ పాటకు డ్యాన్స్ చేశారు. ఫోన్ ఒక్కటే. స్పీకర్‌లో పాట పెట్టి అదే డ్యాన్స్ మూడుసార్లు తీశారు: ఐదుగురూ కనబడే వైడ్ ఒకటి, ముందున్న ముగ్గురిని నడుము పైనుంచి తీసిన మిడ్ ఒకటి, కాళ్లూ గజ్జెలూ మాత్రమే కనబడే క్లోజ్ ఒకటి. పాట వేగం నిమిషానికి 132 బీట్లు. వీడియో సెకనుకు 30 ఫ్రేములు. వాడుతున్న ముక్క 64 బీట్లు, అంటే ఎనిమిది బీట్లను ఒక ఎయిట్ అనే డ్యాన్సర్ల లెక్కలో ఎనిమిది ఎయిట్‌లు, దాదాపు 29 సెకన్లు.

మార్కర్లు పెట్టడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్ కెమెరాలు చాలావరకు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. వెలుతురు తగ్గితేనో, ఫోన్ వేడెక్కితేనో సెకనుకు 30 అని రాసి ఉన్న ఫైల్‌లో ఒకచోట 29, ఒకచోట 30 వస్తుంటాయి. అలాంటి ఫైల్‌ను నేరుగా టైమ్‌లైన్‌లోకి లాగితే మొదటి పది సెకన్లు సరిగ్గా ఉన్న అడుగులు ఇరవయ్యో సెకనుకి జారిపోవచ్చు. మొదట్లో కుదిరి, చివర్లో తప్పుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మూడు టేకులనూ ముందుగా స్థిరమైన రేటుకు మార్చుకుంటే ఈ బాధ ఉండదు:

```
ffmpeg -i take1.mp4 -vf fps=30 -c:v libx264 -crf 18 -c:a copy take1_30.mp4
```

ఇక పాట. డావిన్సీ రిజాల్వ్‌లోనూ, ప్రీమియర్‌లోనూ, ఫైనల్ కట్‌లోనూ మార్కర్ పెట్టే కీ M. రిజాల్వ్‌లో క్లిప్ సెలెక్ట్ అయి ఉంటే మార్కర్ ఆ క్లిప్ మీద పడుతుంది, ఏదీ సెలెక్ట్ కాకపోతే పైనున్న రూలర్ మీద పడుతుంది. చూడ్డానికి చిన్న తేడా. కానీ మొదట్లో టైటిల్ కోసం రెండు సెకన్లు ఖాళీ చేద్దామని పాటను పక్కకు జరిపినప్పుడు తెలుస్తుంది. రూలర్ మీది మార్కర్లు ఉన్నచోటే ఉండిపోతాయి, పాట మాత్రం కదులుతుంది. పాట క్లిప్ మీద పెట్టిన మార్కర్లయితే పాటతోపాటే వెళ్తాయి. డ్యాన్స్ వీడియోకు రెండోదే క్షేమం.

వింటూ నొక్కడంలో రెండు పొరపాట్లు దొర్లుతాయి. మొదటిది చేతిది. లయ పట్టుకున్నాక మనిషి బీట్ కోసం కాచుకుని కూర్చోడు, ముందే ఊహించి కొడతాడు. అందుకే కొందరి మార్కర్లు బీట్ కన్నా ఒక ఫ్రేమ్ ముందే ఉంటాయి. రెండోది బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌ది. శబ్దం చెవికి చేరేసరికి 150 మిల్లీసెకన్లు ఆలస్యం కావడం మామూలే. 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు కాబట్టి ప్రతి మార్కరూ నాలుగైదు ఫ్రేములు వెనక పడుతుంది. తప్పు అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఇయర్‌ఫోన్‌ని అనుమానించాలి, ఒక్కోచోట ఒక్కోలా ఉంటే చేతిని. మార్కర్లు పెట్టేటప్పుడు వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

మిగతా సగం తీరాలంటే వేవ్‌ఫామ్ చూడాలి. టైమ్‌లైన్‌ను బాగా పెద్దది చేస్తే డప్పు దెబ్బో, కిక్ డ్రమ్ దెబ్బో పడిన చోట శబ్దం గోడలా ఒక్కసారిగా లేస్తుంది. మార్కర్ ఉండాల్సింది ఆ గోడ మొదలైన ఫ్రేమ్ మీద. గోడ శిఖరం మీద కాదు, చెవి దెబ్బగా పట్టుకునేది మొదలునే. పల్లవిలో గొంతు, తీగలు, డ్రమ్ములు అన్నీ కలిసి వేవ్‌ఫామ్ ఒకే మందపాటి పట్టీలా కనిపిస్తుంది. అప్పుడు గొంతు లేని బీజీఎం ముక్కలో ఒకటో బీట్ దొరకబుచ్చుకుని అక్కడి నుంచి లెక్క వేయడం సులువు. ఎక్కువమంది పడిపోయే చోటు కూడా ఇక్కడే ఉంది: పాడే మాట మొదలైన చోటే ఒకటో బీట్ అనుకుంటారు. చాలా పాటల్లో మాట ఒకటికి ముందే ఎత్తుకుంటుంది, ఒకటి దగ్గరికి వచ్చేసరికి రెండో మూడో అక్షరంలో ఉంటుంది. గొంతును నమ్మి మార్కర్లు పెడితే మొత్తం వరస అర బీట్ పక్కకు పోతుంది. లయ కోసం డ్రమ్మునే నమ్మాలి.

పాట కంప్యూటర్‌లో ఒకే వేగంతో తయారైనదైతే అన్ని బీట్లూ నొక్కాల్సిన పనే లేదు. లెక్క వేయవచ్చు, అయితే లెక్కలో ఒక ఉచ్చు ఉంది. నిమిషానికి 132 బీట్లంటే ఒక్కో బీట్ మధ్య 13.64 ఫ్రేములు. మార్కర్‌కు సగం ఫ్రేమ్ ఉండదు. సరే, పద్నాలుగనుకుందాం అని ప్రతిసారీ 14 ఫ్రేములు ముందుకు జరుపుకుంటూ పోతే 64 బీట్లు అయ్యేసరికి 23 ఫ్రేములు జారుతుంది, అంటే బీటున్నర పైనే. పదమూడుగా తీసుకుంటే మూడు బీట్లు ముందుకు వచ్చేస్తుంది. మార్గం ఏమిటంటే ఎయిట్‌ను కొలమానంగా పెట్టుకోవడం. ఈ వేగంలో ఎనిమిది బీట్లకు 109.09 ఫ్రేములు, అంటే ఎయిట్‌కు 109 అని పెట్టుకుంటే ఎనిమిది ఎయిట్‌లు పూర్తయినా ఒక్క ఫ్రేమ్ కూడా పోదు. ముందు ప్రతి ఎయిట్‌లోని ఒకటో బీట్లన్నీ 109 ఫ్రేముల దూరంలో వేరే రంగు మార్కర్లతో పెట్టేస్తారు. లోపలి బీట్లను ప్రతి ఒకటి నుంచి కొలుస్తారు: 14, 27, 41, 55, 68, 82, 95. వీటి మధ్య దూరం ఒకచోట 13, ఒకచోట 14 ఉంటుంది. అదేమీ తప్పు కాదు, దగ్గరి ఫ్రేమ్‌కు సర్దడమే. సర్దుబాటు మాత్రం ఎప్పుడూ ఒకటి నుంచే జరగాలి, పక్క బీట్ నుంచి కాదు.

ఈ లెక్క డప్పులు, డోలు లైవ్‌గా వాయించిన జానపదాలకు పనికిరాదు. వాయించేవాడు ఊపులో వేగం పెంచుతాడు, పాట చివరికి వచ్చేసరికి నిమిషానికి మరో పది బీట్లు ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. అక్కడ చెవీ, వేవ్‌ఫామే దిక్కు. బీట్లను దానంతటదే గుర్తించే ఆప్షన్లు ఫోన్ యాప్‌లలో చాలావరకు ఉన్నాయి. అవి సాధారణంగా చేసే తప్పు వేగాన్ని సగంగానో రెట్టింపుగానో పట్టుకోవడం. తీన్మార్ లాంటి నడకలో ఒక్కో బీటు మూడు ముక్కలై ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా తికమక పడతాయి. యాప్ పెట్టిన చుక్కలను నమ్మేముందు ఆ చుక్కలకు కాలు తట్టి చూస్తే చాలు. కాలు మామూలుగా నడవకుండా పరిగెత్తుతున్నా, మధ్యలో తొట్రుపడుతున్నా చుక్కలు తప్పే.

ఇప్పుడు మూడు టేకులను పాటకు అతికించాలి. ఫోన్‌లో రికార్డయిన స్పీకర్ శబ్దం ఆధారంగా వేవ్‌ఫామ్‌లు కలపడం మామూలు పద్ధతి. దీంట్లో ఒక చిక్కుంది. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్ డ్యాన్సర్ల పక్కనే ఉండి, వైడ్ షాట్ కోసం ఫోన్ 20 మీటర్ల దూరంలో పెట్టారనుకుందాం. డ్యాన్సర్లు వెంటనే విని అడుగు వేస్తారు. ఫోన్ ఆ అడుగును వెంటనే చూస్తుంది, కానీ పాటను దాదాపు 60 మిల్లీసెకన్లు ఆలస్యంగా వింటుంది. శబ్దాన్ని బట్టి కలిపితే వైడ్‌లో అడుగులన్నీ రెండు ఫ్రేములు ముందే పడుతుంటాయి. మేడ మీద ఐదారు మీటర్ల దూరంలో ఇది అర ఫ్రేమ్ కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. కాలేజీ ఫంక్షన్‌లో హాలు వెనక నుంచి తీసిన వీడియోలో మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. సరిచూడటానికి ప్రతి టేక్‌లో గట్టిగా నేల తన్నిన ఒక అడుగు వెతకాలి. పాదం నేలకు ఆనిన మొదటి ఫ్రేమ్ పాట మార్కర్ కింద ఉందా లేదా చూసి, ఆ టేక్ మొత్తాన్ని ఒకటి రెండు ఫ్రేములు జరపాలి. అడుగులు ముందే పడుతుంటే టేక్‌ను కుడివైపుకు జరపాలి. డ్యాన్సరే లయ తప్పిన చోటును ఎంచుకోకుండా కనీసం మూడు అడుగులైనా చూడటం మంచిది.

ఈ పని ఒకసారి సరిగ్గా అయిపోతే తర్వాత హాయి. మూడు టేకులూ ఒకదాని మీద ఒకటి పాటతో కలిసే ఉన్నాయి కనుక ఎక్కడ కోసినా లయ పోదు. ఎడిటింగ్ అంటే ఇక ఏ క్షణంలో ఏ టేక్ కనబడాలో ఎంచుకోవడమే. కట్‌ను అటూ ఇటూ జరపాలంటే రోల్ ట్రిమ్ వాడాలి. అంటే ముందు షాట్ చివర, తర్వాత షాట్ మొదలు రెండూ కలిసి జరుగుతాయి, షాట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అలవాటులో ముక్కను తీసేసి ఆ ఖాళీని కూడా మూసేసే రిపుల్ డిలీట్ కొడితే దాని వెనకున్న షాట్లన్నీ పాట నుంచి ఊడి జారిపోతాయి. లయ ఒక కట్ నుంచి మొదలుకొని చివరిదాకా చెడిందంటే ఆ కట్ దగ్గర ఎవరో రిపుల్ చేశారని అర్థం.

అసలు ప్రశ్నకు వస్తే, మార్కర్ ఉన్న ఫ్రేమ్‌లోనే కోయాలా? స్నాప్ ఆన్‌లో ఉంటే కట్ మార్కర్‌కు అతుక్కుంటుంది, చూడటానికి ముచ్చటగానూ ఉంటుంది. పైన చెప్పిన జబ్బు మొదలయ్యేది ఇక్కడే. ఒక అమ్మాయి ఏడు, ఎనిమిది కౌంట్లలో తిరిగి ఒకటి మీద కాలు నేలకు కొడుతుంది. సరిగ్గా ఒకటి మార్కర్ దగ్గర వైడ్ నుంచి కాళ్ల క్లోజ్‌కు కట్ చేస్తే క్లోజ్ మొదటి ఫ్రేమ్‌లోనే పాదం నేల మీద ఉంటుంది. కాలు లేవడం వైడ్‌లో ఉంది, పడటం ఎక్కడా లేదు. చెవికి దెబ్బ వినిపిస్తుంది, కంటికి దెబ్బ కనిపించదు. పైగా షాట్ మారిన మొదటి ఒకటి రెండు ఫ్రేముల్లో కన్ను కొత్త ఫ్రేమ్‌లో ఎక్కడ చూడాలో వెతుక్కుంటూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే అడుగు పడితే అది లేనట్టే.

అదే కట్‌ను మూడు ఫ్రేములు ముందుకు తెస్తే క్లోజ్ మొదలయ్యేసరికి పాదం ఇంకా గాల్లోనే ఉంటుంది. అది దిగుతుంది, మార్కర్ ఫ్రేమ్‌లో నేలకు తగులుతుంది, గజ్జెలు అదురుతాయి. చూసేవాడికి కట్ ముందుగా పడినట్టు అనిపించదు, కట్టూ దెబ్బా ఒకటే అనిపిస్తుంది. మూడు ఫ్రేములంటే పదో వంతు సెకను. పాదం దిగడానికి నాలుగైదు ఫ్రేములు పడుతుంది కాబట్టి ఆ కదలికలో ఎక్కువభాగం కొత్త షాట్‌లోకే వస్తుంది.

దీన్నే కాస్త విస్తరించి చూస్తే ప్రతి మార్కర్ దగ్గరా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ దెబ్బ ఏ షాట్‌ది? కొత్త షాట్‌ది అయితే మార్కర్‌కు రెండు నుంచి నాలుగు ఫ్రేముల ముందు కట్. పాత షాట్‌ది అయితే, అంటే వైడ్‌లో ఐదుగురూ ఒకేసారి చేయి విసిరి ఆగే చోటయితే, ఆగడం కనబడేదాకా ఉంచి మార్కర్ తర్వాత నాలుగైదు ఫ్రేములకు కట్. రెండు షాట్‌లలోనూ ఒంట్లో దెబ్బ లేకపోతే, చిరునవ్వు మీద నుంచి ఆకాశం మీదికి వెళ్తున్నట్టయితే, అప్పుడు మార్కర్ మీదే కట్. కట్టే అక్కడ దెబ్బ అవుతుంది. ఏమీ ఆలోచించకుండా అన్నిటికీ ఒకే సర్దుబాటు చేయాల్సి వస్తే రెండు ఫ్రేములు ముందు ఉంచడమే నయం. ఆలస్యమైన కట్‌ను కన్ను ఇట్టే పట్టేస్తుంది, కాస్త ముందు పడినదాన్ని మన్నిస్తుంది.

మేడ మీది డ్యాన్స్‌లో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. మొదటి ఎయిట్ అంతా వైడ్, ఒక్క కట్ కూడా లేదు. ఐదుగురు ఏ వరసలో నిలబడ్డారో చూసేవాడికి తెలియాలి. రెండో ఎయిట్‌కు మిడ్. ఒకటి మీద ముందున్న అమ్మాయి చేయి విసురుతుంది, అది కొత్త షాట్ దెబ్బ కాబట్టి మూడు ఫ్రేములు ముందు కట్. మూడో ఎయిట్‌లో మళ్లీ వైడ్, ఎందుకంటే అయిదో కౌంట్ మీద ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకి మారతారు. ఇలాంటి ఫార్మేషన్ మార్పు మధ్యలో కోస్తే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో అర్థం కాదు. ఎంత అందమైన క్లోజ్ చేతిలో ఉన్నా అక్కడ పెట్టకూడదు. వైడ్ అలాగే నాలుగో ఎయిట్ సగం దాకా సాగుతుంది.

నాలుగో ఎయిట్‌లో అయిదు నుంచి ఎనిమిది దాకా పాట ఆగి, డప్పు మాత్రం నాలుగు దెబ్బలు కొడుతుంది. డ్యాన్సర్లు నాలుగు అడుగులు వేస్తారు. బీట్‌కో కట్ వేయాల్సిన చోటు మొత్తం వీడియోలో ఇదొక్కటే. కాళ్లు, మిడ్‌ను పెద్దది చేసి తీసుకున్న ముఖం, కాళ్లు, ముఖం. ఒక్కో షాట్ 13, 14 ఫ్రేములే ఉంటుంది. అంత చిన్న షాట్‌ను కన్ను ఎలా చదువుతుంది? ఒక్కో షాట్‌లో ఒకే ఒక్క పని జరుగుతోంది కాబట్టి చదవగలదు. ఐదుగురు కదిలే వైడ్‌ను అరసెకను చూపిస్తే ఎవరూ ఏమీ చూడలేరు. నాలుగు కట్‌లూ మార్కర్లకు మూడేసి ఫ్రేములు ముందు పడతాయి. అయిదో ఎయిట్ ఒకటి మీద పాట తిరిగి ఎత్తుకోగానే వైడ్. అక్కడి నుంచి ఎయిట్‌కో కట్ చొప్పున మిడ్, కాళ్లు, చివరి ఎయిట్‌కు మళ్లీ వైడ్. చివరి పోజ్ పడ్డాక వెంటనే నరకకుండా ఇరవై ఫ్రేములన్నా ఉంచాలి. లెక్క వేస్తే 64 బీట్లకు మొత్తం పది కట్‌లు. అయినా ఈ వీడియో బీట్‌కో కట్ ఉన్నదానికన్నా వేగంగా అనిపిస్తుంది, ఎందుకంటే నాలుగో ఎయిట్‌లోని ఆ నాలుగు కట్‌లకు ముందు మూడున్నర ఎయిట్‌ల నిదానం ఉంది.

స్లో మోషన్ షాట్ కలపాలంటే పద్ధతి మారుతుంది. 60 ఫ్రేములతో తీసి సగం వేగంతో చూపించే షాట్ పాటతో పాటు నడవదు కాబట్టి దాంట్లో ఒకే ఒక్క క్షణాన్ని కలపగలం. గెంతిన అమ్మాయి నేలకు తాకిన ఫ్రేమ్‌లో క్లిప్ మీద ఒక మార్కర్ పెట్టి, అది పాట ఒకటి మార్కర్ కిందికి వచ్చేదాకా క్లిప్‌ను జరపాలి. మిగతా బీట్లు కలవవు, కలవనక్కర్లేదు. స్లో మోషన్‌లో కూడా అడుగులు మొత్తం పాటకు కలవాలంటే అది షూటింగ్‌లో చేయాల్సిన పని. సెట్‌లో పాటను అంతే నిష్పత్తిలో వేగంగా వినిపించి డ్యాన్స్ చేయించి, ఎక్కువ ఫ్రేములతో తీస్తారు. 132 బీట్ల పాటను రెట్టింపు చేస్తే ఎవరి కాళ్లూ అందుకోలేవు కనుక ఇలాంటి పాటకు పావు వంతు పెంచడమే ఎక్కువ.

కూచిపూడి జతులకు ఈ ఎయిట్ లెక్కను గుడ్డిగా దించితే ఇబ్బంది. ఆది తాళానికి కూడా ఎనిమిది అక్షరాలే, అంతవరకు సుఖం. కానీ మార్కర్ నట్టువనార్ నోటితో పలికే జతి అక్షరాల వరస, అంటే సొల్లుకట్టు మీద కాకుండా చేత్తో వేసే తాళం మీద పెట్టాలి. సొల్లుకట్టు తాళం మొదలయ్యే దెబ్బకు, అంటే సమానికి ముందో వెనకో ఎత్తుకోవచ్చు, ఒక్కో అక్షరాన్ని మూడుగానో అయిదుగానో పగలగొట్టవచ్చు. మార్కర్లు దాని వెంట పడితే తాళం ఒక చుట్టు, అంటే ఆవర్తనం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ముక్తాయింపు దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. ఒకే ముక్క మూడుసార్లు వచ్చి మూడోదాని చివర సమం మీద దిగుతుంది. మూడింటికీ మూడు షాట్లు వేస్తే ఆ లెక్క చూసేవాడి చేతిలోంచి జారిపోతుంది. పూర్తిగా ఒకే షాట్‌లో ఉంచి, సమం మీద పాదం పడ్డాక నాలుగైదు ఫ్రేములకు కోస్తేనే కట్టిన జతికి న్యాయం. సినిమా పాటలో పాత షాట్‌కు చెందిన దెబ్బ గురించి చెప్పుకున్నదే ఇక్కడా వర్తిస్తుంది.

సరిచూసుకునేటప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్లేబ్యాక్‌ను పూర్తిగా నమ్మకూడదు. కంప్యూటర్ తట్టుకోలేక ఫ్రేములు వదిలేస్తుంటే సరిగ్గా ఉన్న కట్ కూడా ఆలస్యంగా కనిపిస్తుంది. అది చూసి మంచి కట్‌లను పాడు చేసుకునేవాళ్లు ఎందరో. ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో, ఫోన్ స్పీకర్‌తోనే చూడాలి. ఒకసారి శబ్దం తీసేసి చూస్తే అనవసరమైన కట్‌లు బయటపడతాయి. డ్యాన్స్ వాక్యం మధ్యలో నరికిన చోటల్లా బొమ్మ ఎగిరినట్టు ఉంటుంది. శబ్దంతో చూసేటప్పుడు కట్‌లను కాకుండా పాదాలను మాత్రమే గమనించి, ఏ అడుగు వినిపించి కనబడలేదో ఆ మార్కర్ దగ్గరికి వెళ్లి రోల్ ట్రిమ్‌తో కట్‌ను రెండు ఫ్రేములు ఎడమకు జరిపి మళ్లీ చూడాలి. చాలాసార్లు అంతకుమించి చేయాల్సింది ఉండదు.